సైజు తెలియకుండా ఉంగరం కొనేటప్పుడు: ముందు లోహం, తరువాత తీరు, చివరికి కొలత

విజయనగరం గంటస్తంభానికి దగ్గరలో ఉన్న ఒక నగల దుకాణంలో నేను పదిహేడేళ్లు అమ్మకాల బల్ల దగ్గర పనిచేశాను. పెళ్లిరోజుకో పుట్టినరోజుకో భార్యకు ముందుగా చెప్పకుండా ఉంగరం కొనాలని వచ్చేవారు దాదాపు అందరూ మూడు సందేహాలు అడిగేవారు. వేలి సైజు ఎలా తెలుస్తుంది, ఆమెకు ఆ లోహం పడుతుందా, ఆ తీరు నచ్చుతుందా అన్నవే ఆ మూడు. ఇప్పటికీ తెలిసినవారు ఫోన్ చేసి ఇవే అడుగుతున్నారు కాబట్టి వరుసగా రాస్తున్నాను.

చాలామంది సైజుతో మొదలుపెడతారు. అది తలకిందుల వరుస. ఆమె చర్మానికి ఏ లోహం పడుతుందో తేలితే దుకాణంలో చూడవలసిన నగలు సగానికి తగ్గిపోతాయి. తీరు తేలితే ఆ ఉంగరాన్ని తరువాత పెద్దదిగానో చిన్నదిగానో చేయించవచ్చా లేదా అన్నది తెలుస్తుంది. సైజులో వచ్చే పొరపాటును ఆ తరువాత కంసాలి సరిచేయగలడు. లోహంలో వచ్చిన పొరపాటును ఎవరూ సరిచేయలేరు.

మార్గమంతటికీ ఒకే ఉదాహరణ తీసుకుంటాను. బొబ్బిలి వైపు నుంచి వచ్చిన ఒక ఉపాధ్యాయుడు మాఘమాసంలో వచ్చే పెళ్లిరోజుకు భార్యకు ఉంగరం కొనాలనుకున్నాడు. ఆమె ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. అతని చేతిలో ఒక కాగితం, దాని మీద పెన్సిలుతో గీసిన ఒక వృత్తం ఉన్నాయి. మనసులో ఉన్నది తెల్ల బంగారంలో ఎత్తుగా నిలిచే ఒంటి రాయి ఉంగరం.

## 1. దుకాణానికి వెళ్లేముందు సిద్ధం చేసుకోవలసినవి

కనీసం మూడు వారాల సమయం పెట్టుకోండి. మొదటి వారం గమనించడానికి, రెండవ వారం కొనడానికి సరిపోతాయి. సైజు మార్చవలసి వస్తే కంసాలికి మూడవ వారం కావాలి. పెళ్లిళ్ల ముహూర్తాలు ఉన్న నెలల్లో పని ఇంకా ఆలస్యమవుతుంది.

దగ్గర ఉంచుకోవలసినవి ఇవి:

- ఆమె ప్రస్తుతం పెట్టుకుంటున్న ఉంగరం, ఒక్క పూట బయటికి తీసుకురాగలిగితే
- ఆ ఉంగరం ఏ చేతికి, ఏ వేలికి ఉంటుందో తెలిపే ఇటీవలి ఫోటో
- సన్నగా కత్తిరించిన కాగితపు పట్టీ, మొనదేలిన పెన్సిలు, మిల్లీమీటర్లు గీసిన స్కేలు
- ఆమె రోజూ పెట్టుకునే నగలను ఒకచోట ఉంచి తీసిన ఫోటో

రెండవ అంశాన్ని తేలికగా తీసుకోకండి. ఉంగరం తెచ్చి, అది ఏ వేలిదో చెప్పలేక తిరిగి వెళ్లినవారిని ఎందరినో చూశాను. ఒకే మనిషికి మధ్యవేలికీ ఉంగరపు వేలికీ రెండు మూడు సైజుల తేడా ఉండవచ్చు. రెండు చేతుల్లోనూ ఎక్కువగా పనిచేసే చేతి వేళ్లు సాధారణంగా కొంచెం లావుగా ఉంటాయి.

## 2. మొదటి మెట్టు: ఆమె చర్మానికి ఏ లోహం పడదో తెలుసుకోవడం

నగల వల్ల వచ్చే అలర్జీలో ముఖ్య కారణం నికెల్. తక్కువ ధర ఫ్యాన్సీ నగల్లో, రోల్డ్ గోల్డ్ పూత కింద, కొన్ని రకాల తెల్ల బంగారంలో అది ఉంటుంది. చెమట తగిలినప్పుడు నికెల్ కొద్దికొద్దిగా కరిగి చర్మంలోకి దిగుతుంది. మన తీరప్రాంతపు ఉక్కపోతలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది.

ఈ అలర్జీ పెట్టుకున్న వెంటనే కనిపించదు. ఇంతకుముందే పడని లోహం మళ్లీ తగిలితే సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో దురద, ఎర్రదనం, చిన్న పొక్కులు వస్తాయి. అందువల్ల దుకాణంలో ఐదు నిమిషాలు పెట్టుకుని చూసి, ఏమీ కాలేదు కాబట్టి పడుతుందని అనుకోవడం తప్పు.

### అడగకుండానే గమనించగల గుర్తులు

- ఫ్యాన్సీ దిద్దులు పెట్టుకున్న మరునాడో ఆ తరువాతో చెవి తమ్మెలు ఎర్రబడటం, దురద పెట్టడం, రసి కారడం
- గడియారపు వెనుక పలక తగిలేచోట, లేదా జీన్స్ గుండీ తగిలే బొడ్డు దగ్గర మచ్చ
- పెళ్లిళ్లకు కూడా వన్ గ్రామ్ గోల్డ్ పెట్టుకోకుండా ఉన్న కొద్ది బంగారంతోనే వెళ్లడం
- దిద్దులు బంగారువే అయినా వెనుక శీల వేరే లోహానిదైతే ఆ వైపే పుండు పడటం

ఇవేవీ కనిపించకపోయినా ఒక్క ప్రశ్న అడగడంలో రహస్యం బయటపడదు. ఇంట్లో ఎవరికైనా ఫ్యాన్సీ చెవిపోగులు కొనే సందర్భం చూసి, "నీకు ఇలాంటివి పెట్టుకుంటే చెవులు పుండు పడతాయా?" అని మాటల్లో అడగవచ్చు.

ఉపాధ్యాయుణ్ణి నేను ఇదే అడిగాను. ఆమె రెండేళ్లుగా చేతికి గడియారం పెట్టుకోవడం మానేసి, జేబు గడియారంలా చొక్కాకు తగిలించుకుంటున్నదని చెప్పాడు. ఆసుపత్రి నిబంధన వల్ల కావచ్చునని అతను అనుకున్నాడు. మణికట్టు మీద ఏమైనా మచ్చ ఉందా అని అడిగితే, గుండ్రటి నల్లమచ్చ ఒకటి ఉందని జ్ఞాపకం చేసుకున్నాడు. ఆ ఒక్క మాటతో తెల్ల బంగారం ఆలోచన పక్కన పెట్టవలసి వచ్చింది.

### హాల్‌మార్కు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఇక్కడ కొంచెం నిలబడవలసి ఉంది, ఎందుకంటే చదువుకున్నవారు కూడా ఇక్కడే పొరబడతారు. ఉంగరం మీద 916 అని ఉంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారం అని అర్థం. అది 22 కేరట్లు. 750 అని ఉంటే 18 కేరట్లు. ఆ అంకె బంగారం ఎంత ఉందో మాత్రమే చెబుతుంది. మిగిలినది ఏ లోహమో చెప్పదు.

22 కేరట్లలో మిగిలేది 84 పాళ్లు. అది సాధారణంగా రాగి, వెండి. కాబట్టి నికెల్ పడనివారికి పసుపుపచ్చని 22 కేరట్ల బంగారం దాదాపు ఎప్పుడూ ఇబ్బంది కలిగించదు. 18 కేరట్లలో 250 పాళ్లు వేరే లోహాలు ఉంటాయి. పసుపుపచ్చని 18 కేరట్లలో అవి ఎక్కువగా రాగి, వెండి కాగా, తెల్ల బంగారంలో ఆ తెలుపు రావడానికి నికెల్ గానీ పల్లాడియం గానీ కలుపుతారు. ఏది కలిపారో చూపుతో చెప్పడం అసాధ్యం.

తెల్ల బంగారం మీద రోడియం పూత ఉంటుంది. పూత ఉన్నంతకాలం చర్మానికి రోడియమే తగులుతుంది. ఉంగరం లోపలి వైపు రాపిడి ఎక్కువ కాబట్టి పూత అక్కడే ముందుగా అరుగుతుంది. మొదటి ఏడాది ఏ ఇబ్బందీ లేకుండా, ఆ తరువాత దురద మొదలైందంటే కారణం తరచుగా ఇదే. మళ్లీ పూత వేయిస్తే కొంతకాలం తగ్గుతుంది, కానీ అది జీవితాంతం సాగవలసిన పని.

నిర్ణయానికి ఇలా రండి:

- గుర్తులు స్పష్టంగా ఉంటే: పసుపుపచ్చని 22 కేరట్లు తీసుకోండి. తెలుపే కావాలంటే 950 ముద్ర ఉన్న ప్లాటినం తీసుకోండి.
- అనుమానం మాత్రమే ఉంటే: 18 కేరట్లలోనైనా పసుపురంగుకే పరిమితం కండి. తెల్ల బంగారం కొనాలంటే నికెల్ కలపలేదని బిల్లు మీద రాసి ఇమ్మని అడగండి. రాసివ్వడానికి వెనుకాడితే ఆ ఉంగరం వదిలేయండి.
- వెండి నచ్చితే: 925 వెండిలో మిగిలినది సాధారణంగా రాగి. వెండి పడుతుందో లేదో ఆమె మెట్టెలే చెబుతాయి. మెట్టెల కింద కాలివేళ్లు ఏళ్ల తరబడి బాగున్నాయంటే మంచి సూచన. పూత వేసిన వెండి ఉంగరమైతే ఆ పూత కింద ఏముందో విడిగా అడగాలి.

నిర్ధారణ కావాలంటే చర్మవైద్యులు చేసే ప్యాచ్ పరీక్ష ఒక్కటే నమ్మదగినది. అనుమానం ఉన్న పదార్థాలను చిన్న పట్టీలతో వీపు మీద అంటించి, 48 గంటల తరువాత తీసి చూస్తారు. మరో రెండు రోజులకు మళ్లీ చూస్తారు. దీనికి ఆమె స్వయంగా వెళ్లాలి కాబట్టి, రహస్యంగా కొనే బహుమతికి ఇది కుదిరే పని కాదు.

ఒక జాగ్రత్త. ఉంగరం కింద చర్మం తెల్లగా నాని పొట్టు లేస్తే ప్రతిసారీ అది అలర్జీ కాదు. గిన్నెలు తోమినప్పుడు, చేతులు పదేపదే కడుక్కున్నప్పుడు సబ్బునీరు ఉంగరం కింద నిలిచిపోయి చర్మం ఒరుస్తుంది. ఉంగరం తీసి కొన్నాళ్లు ఆరనిస్తే తగ్గిపోయి, గడియారం దగ్గరా చెవుల దగ్గరా ఏ మచ్చా లేకపోతే కారణం సబ్బే అయి ఉండవచ్చు. అటువంటివారికి లోహం మార్చడం కన్నా సన్నని ఉంగరం ఎంచుకోవడమే మేలు చేస్తుంది.

## 3. రెండవ మెట్టు: తీరును ఆమె పెట్టె చూసి తెలుసుకోవడం

దుకాణంలో వెలుతురు కింద మీకు నచ్చింది ఆమెకు నచ్చుతుందని లెక్కవేయకండి. ఆమె నగల పెట్టెను మనసులో మూడు కుప్పలుగా విడదీయండి. రోజూ పెట్టుకునేవి, పండుగలకే తీసేవి, పెట్టెలోంచి బయటికి రానివి. మొదటి కుప్ప ఆమె ఇష్టాన్ని చెబుతుంది. మూడవ కుప్ప ఇంకా స్పష్టంగా చెబుతుంది. ఎవరో పెట్టిన పెద్ద రాళ్ల ఉంగరం ఐదేళ్లుగా అలాగే ఉందంటే మీరు అలాంటిదే ఇంకొకటి కొనకూడదు.

మొదటి కుప్పలో చూడవలసినవి నాలుగే. రంగు పసుపా తెలుపా. మెరుగు పెట్టిన నున్నని పైభాగమా, నగిషీ ఉన్నదా. రాయి ఉందా, ఉంటే ఏ రంగు. నగ వేలికి అంటుకుని ఉంటుందా, పైకి లేచి ఉంటుందా.

ఆమె చేసే పని నాల్గవదాన్ని నిర్ణయిస్తుంది. ఎత్తైన రాయి రబ్బరు తొడుగులను చింపుతుంది, జాకెట్టు కుట్టే చేతికి దారం తగులుతుంది, చంటిబిడ్డ ఒంటికి గీసుకుంటుంది. పిండి కలిపే చేతికైతే రాయిని పట్టుకున్న గోళ్ల సందుల్లో పిండి చేరుతుంది. నర్సుగా పనిచేసే ఆమెకు ఎత్తైన ఒంటి రాయి ఉంగరం కొంటే అది డ్యూటీ రోజుల్లో పెట్టెలోనే ఉండిపోతుంది.

రంగురాళ్ల విషయంలో మన ప్రాంతపు పట్టింపు ఒకటి తప్పక తెలుసుకోండి. నీలం, పగడం, కెంపు వంటి రాళ్లను చాలా ఇళ్లలో జాతకం చూపించకుండా పెట్టుకోరు. నీలం విషయంలో మరీ పట్టుదలగా ఉంటారు. మీకు నమ్మకం లేకపోవచ్చు. కానీ పెట్టుకోవలసింది ఆమె, చూసి మాట్లాడేది ఆమె పుట్టింటివారు. తేల్చుకోలేకపోతే రంగురాయి లేనిదే కొనండి.

ఇంకా సందిగ్ధం ఉంటే ఒక్కరినే అడగండి. వదినో మరదలో అయితే మంచిది. నలుగురిని అడిగితే నాలుగు తీరులు చెబుతారు, విషయమూ దాగదు. ఉపాధ్యాయుడు దుకాణం నుంచే మరదలికి ఫోన్ చేశాడు. "బావా, అక్క రాళ్ల ఉంగరం బీరువాలోంచి తీయనే తీయదు. అమ్మ పెట్టిన ఆకుల చెక్కుడు గాజులు మాత్రం రోజూ వేసుకుంటుంది" అని ఆమె చెప్పింది. దానితో తీరు తేలింది. 22 కేరట్లలో, రాయి లేకుండా, పైభాగాన ఆకుల చెక్కుడుతో, వేలికి అంటుకుని ఉండే పట్టీ ఉంగరం.

## 4. మూడవ మెట్టు: సైజు

మన దేశపు ఉంగరాల అంకెల వెనుక ఉన్న లెక్క చాలా సులువు. ఉంగరం లోపలి చుట్టుకొలతను మిల్లీమీటర్లలో తీసుకుని 40 తీసివేస్తే దాదాపుగా సైజు వస్తుంది. ఒక సైజు అంటే చుట్టుకొలతలో ఒక్క మిల్లీమీటరు.

- 10వ సైజు: చుట్టుకొలత 50 మి.మీ., లోపలి అడ్డుకొలత 15.9 మి.మీ.
- 12వ సైజు: 52 మి.మీ., 16.6 మి.మీ.
- 14వ సైజు: 54 మి.మీ., 17.2 మి.మీ.
- 16వ సైజు: 56 మి.మీ., 17.8 మి.మీ.

అడ్డుకొలతలో సైజుకూ సైజుకూ తేడా మిల్లీమీటరులో మూడోవంతు కూడా ఉండదని గమనించండి. ఇంట్లో స్కేలుతో అడ్డంగా కొలిచినప్పుడు ఆ మాత్రం పొరపాటు తప్పదు. అందుకే అడ్డుకొలత కన్నా చుట్టుకొలత తీయడమే నయం.

### అ. ఉంగరాన్ని దుకాణానికి తీసుకురాగలిగితే

ఇదే అన్నిటికన్నా మంచి మార్గం. అంకెలు గీసిన కోసు కర్రకు ఆ ఉంగరం తొడిగి ఎక్కడ ఆగిందో చూస్తారు. కర్రకూ కర్రకూ అర సైజు తేడా ఉండటం నేను చూశాను. కాబట్టి అంకె రాసుకుని ఇంకో దుకాణానికి వెళ్లకండి. పాత ఉంగరాన్నీ కొత్త ఉంగరాన్నీ ఒకే కర్ర మీద తొడిగి, రెండూ ఎక్కడ ఆగుతున్నాయో మీ కళ్లతో చూడండి.

### ఆ. ఉంగరం ఇంట్లో దొరుకుతుంది, బయటికి తేలేము అంటే

కాగితపు పట్టీని ఉంగరం లోపలి గోడకు ఆనించి గుండ్రంగా పెట్టండి. రెండు కొసలు కలిసేచోట సన్నని గీత పెట్టండి. పట్టీని చాపి స్కేలు మీద కొలవండి. మూడుసార్లు చేసి, రెండుసార్లు ఒకేలా వచ్చిన కొలతను తీసుకోండి. 53 మి.మీ. వస్తే 13వ సైజు.

కాగితం మీద ఉంగరం పెట్టి లోపల పెన్సిలుతో గీయడం అందరూ చేసే పని. పెన్సిలు మొన ఉంగరపు గోడకు పూర్తిగా ఆనదు కాబట్టి వృత్తం ఎప్పుడూ చిన్నదిగానే వస్తుంది. ఉపాధ్యాయుడి కాగితం మీది వృత్తం 16.2 మి.మీ. ఉంది, అంటే 11వ సైజు. మరునాడు ఆయన అదే ఉంగరాన్ని తెస్తే కర్ర మీద 13 దగ్గర ఆగింది. కాగితాన్ని నమ్మి ఉంటే ఆ ఉంగరం వేలి కణుపు దగ్గరే ఆగిపోయేది.

### ఇ. ఆమె ఉంగరమే పెట్టుకోకపోతే

నిద్రపోతున్నప్పుడు దారంతో కొలవమని చాలామంది సలహా ఇస్తారు. దారం సాగుతుంది, మెత్తని చర్మంలోకి దిగబడుతుంది, పైగా కణుపు కొలతను చెప్పదు. తప్పనిసరైతే కాగితపు పట్టీతోనే వేలి మొదటా కణుపు మీదా విడివిడిగా కొలవండి. కణుపు లావుగా ఉంటే రెండు కొలతలకూ మధ్యలో ఉన్నది తీసుకోండి. అంతకన్నా మేలైన దారి, వదినో మరదలో ఆమెను ఏదో పని మీద దుకాణానికి తీసుకువెళ్లి, తన కోసం చూస్తున్నట్టుగా ఇద్దరూ సైజు రింగులు తొడిగి చూడటం.

### అంకెను సవరించవలసిన సందర్భాలు

వేలు రోజంతా ఒకేలా ఉండదు. ఎండకీ పనికీ ఉప్పు ఎక్కువైన భోజనానికీ ఉబ్బుతుంది, చలికి సన్నబడుతుంది. సాయంత్రం, చేతులు మామూలు వేడిలో ఉన్నప్పుడు తీసిన కొలత నమ్మదగినది. గర్భిణిగా ఉన్నప్పుడు, ముఖ్యంగా చివరి నెలల్లో, తీసిన కొలత పనికిరాదు.

వెడల్పాటి ఉంగరం ఎక్కువ చర్మాన్ని కప్పుతుంది కాబట్టి అదే అంకెలో బిగుతుగా అనిపిస్తుంది. పాతది 2 మి.మీ. సన్న ఉంగరమై, కొత్తది 5 లేదా 6 మి.మీ. వెడల్పు ఉంటే అర సైజు నుంచి ఒక సైజు పెంచండి. ఉపాధ్యాయుడి భార్య ఉంగరం 2 మి.మీ. ఉంది, ఎంచుకున్న ఆకుల చెక్కుడు ఉంగరం 6 మి.మీ. ఉంది. అందుకే 13కు బదులు 14 ఖాయం చేశాం.

ఆన్‌లైన్‌లో కొనేవారు అంకె ఏ దేశపుదో చూడాలి. అమెరికా 7వ సైజు మన 14కు దగ్గరగా ఉంటుంది. అమెరికా 7ను మన 7 అని పొరబడి తెప్పిస్తే వచ్చే ఉంగరం చిటికెన వేలికి కూడా పట్టకపోవచ్చు.

## 5. పొరపాటు జరిగినా సరిచేయగల ఉంగరాన్నే ఎంచుకోండి

సైజు మీద నూటికి నూరు పాళ్లు నమ్మకం లేనప్పుడు ఉంగరపు వెనుక భాగం ఎలా ఉందో చూడండి. వెనుక సాదాగా ఉంటే కంసాలి అక్కడ కోసి, చిన్న బంగారు ముక్క చేర్చి టంకం పెట్టి పెద్దది చేస్తాడు, లేదా ముక్క తీసి చిన్నది చేస్తాడు. ఒకటి రెండు సైజులు ఇలా మార్చడం మామూలు పని. రాయి లేని సాదా ఉంగరాన్నైతే అర సైజు వరకు కోయకుండానే సాగదీయవచ్చు.

4 గ్రాముల 22 కేరట్ల ఉంగరాన్ని రెండు సైజులు పెంచడానికి చేర్చవలసిన బంగారం సుమారు 140 మిల్లీగ్రాములు. దీనికి అర గ్రాము లెక్క కట్టారంటే మార్పుకు ముందూ తరువాతా మీ ఎదుట తూకం వేయమని అడగండి.

సైజు తెలియకుండా కొనకూడనివి ఇవి:

- చుట్టూరా రాళ్లు ఉన్నవి
- చుట్టూరా నగిషీ గానీ మీనా పని గానీ ఉన్నవి
- ముత్యం, పగడం, పచ్చ పొదిగినవి, ఎందుకంటే టంకం వేడికి అవి పాడవుతాయి, రాయి ఊడదీసి మళ్లీ పొదగాలి
- నవరత్న ఉంగరాలు, పై కారణంతోనే

రెండు కొసలూ కలవకుండా తెరిచి ఉన్న ఉంగరం ఏ వేలికైనా సరిపోతుందని చూపిస్తారు. మాటిమాటికీ వంచితే బంగారం అక్కడ బలహీనపడుతుంది, కొసలు చీర పోగులను లాగుతాయి. నేను దాన్ని సిఫారసు చేయను. సైజు ఏ విధంగానూ తెలియకపోతే ఉంగరం మానేసి లాకెట్టు కొనడమే మంచిది. గాజులు మాత్రం ఉంగరానికి ప్రత్యామ్నాయం కావు, వాటికీ సైజు ఉంది.

## 6. కొనే రోజు: బిల్లు దగ్గర ఆగి చూసుకోవలసినవి

- ఉంగరం లోపల మూడు గుర్తులు ఉండాలి: బీఐఎస్ త్రికోణపు గుర్తు, 22కే916 వంటి స్వచ్ఛత అంకె, ఆ నగకు మాత్రమే ఇచ్చే, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే గుర్తింపు సంఖ్య హెచ్‌యూఐడీ. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు నగలను హెచ్‌యూఐడీతోనే అమ్మాలి.
- ఆ ఆరింటినీ బీఐఎస్ కేర్ యాప్‌లో `Verify HUID` దగ్గర కొట్టి, వచ్చిన వివరాల్లో నగ రకం, స్వచ్ఛత మీ చేతిలోని ఉంగరంతో సరిపోతున్నాయా చూడండి. 2 గ్రాముల లోపు నగలకు హాల్‌మార్కు తప్పనిసరి కాదు.
- బిల్లులో బంగారం బరువు, రాయి ఉంటే దాని బరువు, స్వచ్ఛత, తరుగు, మజూరీ వేర్వేరుగా ఉండాలి.
- సైజు మార్పు ఉచితమా, ఎన్ని రోజుల లోపు, ఎన్నిసార్లు అన్నది బిల్లు వెనుకైనా రాయించుకోండి.
- నచ్చకపోతే మార్చుకునేటప్పుడు తరుగు, మజూరీ వదులుకోవాలా అని అడగండి. చాలాచోట్ల వదులుకోవలసి వస్తుంది.

సైజు మార్చడానికి ఇచ్చేటప్పుడు హెచ్‌యూఐడీ ఉన్నచోట కోయవద్దని ముందే చెప్పండి. ఆ గుర్తు చెరిగితే తరువాత మార్చుకునేటప్పుడు స్వచ్ఛత మళ్లీ నిరూపించవలసి వస్తుంది.

## 7. తరచుగా జరిగేవి, వాటికి సవరణలు

ఉంగరం కణుపు దాటుతుంది, కానీ వేలి మొదట గిరగిర తిరుగుతుంది. లావు కణుపులు ఉన్నవారికి ఇది సహజం. సైజు తగ్గిస్తే కణుపు దాటదు. వెనుక భాగం లోపల రెండు చిన్న బంగారు బొడిపెలు పెట్టించండి. ఉంగరం తిరగకుండా నిలుస్తుంది.

పొద్దున వదులు, సాయంత్రం సరిగ్గా. ఏమీ చేయించకండి. కనీసం రెండు వారాలు చూడండి.

తీసినప్పుడు వేలి మీద లోతైన గాడి, అది చాలాసేపటికి కూడా మానకపోవడం. బిగుతు ఎక్కువైంది. ఒక సైజు పెంచించండి.

ఉంగరం కింద నల్లని గీత. తుడిస్తే పోతే అది లేపనాలూ చెమటా లోహంతో కలిసి ఏర్పడిన మరక, అలర్జీ కాదు. దురద, పొక్కులు ఉంటే వెంటనే తీసేసి చర్మవైద్యులకు చూపించండి. ఆ ఉంగరాన్ని పూతలతో సరిపెట్టవద్దు.

దురద ఏడాది తరువాత మొదలవడం. తెల్ల బంగారమైతే పూత అరిగిందో లేదో ముందుగా చూడండి.

## 8. ఇచ్చిన తరువాత మొదటి రెండు వారాలు

ఉంగరం కణుపు దగ్గర కొద్దిగా అడ్డుపడి దాటాలి. తీసేటప్పుడు కొంచెం తిప్పితే రావాలి. చేతిని కిందికి వేలాడదీసి విదిలిస్తే జారకూడదు. సబ్బు రాసిన చేతితోనూ ఒకసారి చూడండి, ఎందుకంటే చాలా ఉంగరాలు కుళాయి దగ్గరే పోతాయి.

లోహం పడిందో లేదో తేలేవరకు రోజూ రాత్రి తీసి వేలు చూసుకోమని చెప్పండి. మూడు నాలుగు రోజులకు ఏమీ కనిపించకపోతే మంచిదే, అయినా రెండు వారాలు గమనించాలి. ఉచిత మార్పు గడువు ఇంకా మిగిలి ఉండగానే ఈ పరిశీలన ముగించుకోండి.

ఉపాధ్యాయుడు పెళ్లిరోజు తరువాత నాలుగో రోజున ఫోన్ చేశాడు. పొద్దున డ్యూటీకి వెళ్లేటప్పుడు ఉంగరం తిరుగుతోందని, ఒక సైజు తగ్గించమని అడిగాడు. అది మాఘమాసపు చలి. సాయంత్రం ఎలా ఉందని అడిగితే అప్పుడు సరిపోతోందన్నాడు. గడువు నెల రోజులు ఉంది కాబట్టి అప్పటివరకు ఆగమన్నాను. ఫాల్గుణంలో ఎండలు మొదలయ్యాక ఇద్దరూ కలిసి దుకాణానికి వచ్చారు. కర్ర మీద ఉంగరం 14 దగ్గరే ఉంది, ఆమె వేలికి పొద్దునా సాయంత్రమూ సరిపోయింది, కింద చర్మం శుభ్రంగా ఉంది. ఆ రోజు వారు చేయించుకున్నది చెవి దిద్దుల వెనుక శీలలను 22 కేరట్ల బంగారంతో మార్పించుకోవడం ఒక్కటే.